చిన్న బొమ్మను గోడ మీదికి పెంచడం: గళ్ల లెక్క, రంగుల లెక్క

ప్రశ్న: మాది బుక్కరాయసముద్రం దగ్గర పల్లె. నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. బడి ప్రహరీ గోడ 18 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. లేపాక్షి నంది, వెనక కొండలు, ముందు శెనక్కాయ చేను ఉండే బొమ్మ ఏ4 పేపర్ మీద గీశాను. గోడకు కింద 2 అడుగులు వదిలి, పైన 18 అడ్డం, 6 నిలువు గళ్లు వేశాను. పేపర్ మీద కూడా అన్నే గళ్లు గీసి బొగ్గుతో మొదలుపెడితే నంది సాగదీసినట్టు పొడవుగా వచ్చింది. తప్పు ఎక్కడ? రంగులు ఏవి, ఎంత కొనాలి? షాపులో 10 లీటర్ల డబ్బా తీసుకోమంటున్నారు.

సమాధానం:

మేడం, నేను అనంతపురంలో ఇరవై ఏళ్లకు పైగా గోడల మీద బొమ్మలు, అక్షరాలు రాస్తున్నాను. మీ చేతిలో తప్పు లేదు. తప్పు పేపర్ మీది గడిలో ఉంది. ఏ4 పేపర్ 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు. అంచులు పోను మీరు గీసిన చోటు సుమారు 27 బై 18 ఉంటుంది. ఆ 27ను 18 భాగాలు చేస్తే ఒక్కో గడి ఒకటిన్నర సెంటీమీటర్ వెడల్పు వస్తుంది. 18ని 6 భాగాలు చేస్తే 3 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అంటే పేపర్ మీది గడి సన్నగా, నిటారుగా ఉంది. గోడ మీది గడి మాత్రం అడుగు బై అడుగు, సరిగ్గా చదరం. సన్నటి గడిలోని గీతను చదరపు గడిలోకి ఎక్కిస్తే ఎత్తు అలాగే ఉండి వెడల్పు రెండింతలు అవుతుంది. అందుకే నంది సాగింది. గళ్ల సంఖ్య రెండు చోట్లా ఒకటే ఉంటే చాలదు, గడి ఆకారం కూడా ఒకటే కావాలి.

మీ గోడ చోటు 18 బై 6, అంటే ఎత్తుకు మూడింతల పొడవు. మీ బొమ్మ 27 బై 18, అంటే ఎత్తుకు ఒకటిన్నర ఇంతలే. ఈ రెండూ ఏ లెక్కలోనూ అతకవు. గోడను తగ్గించలేం కాబట్టి పేపర్‌ను పెంచాలి. 3 సెంటీమీటర్లకు ఒక అడుగు అనుకుంటే మీ గోడకు 54 బై 18 సెంటీమీటర్ల బొమ్మ కావాలి. మీ దగ్గర ఇప్పటికే 27 ఉంది, ఇంకో 27 చాలు. ఇంకో ఏ4 పేపర్ తీసుకుని 12 సెంటీమీటర్ల ముక్క ఒకటి, 15 సెంటీమీటర్ల ముక్క ఒకటి కత్తిరించి అటూ ఇటూ అతికించండి. నంది చూసే వైపు 15 సెంటీమీటర్ల ముక్క పెట్టండి, వీపు వైపు 12ది. ఏ జంతువు బొమ్మకైనా చూపు ముందు కాస్త ఖాళీ ఉండాలి, లేకపోతే గోడకు ముక్కు గుద్దుకున్నట్టు కనపడుతుంది. మీ నంది కుడి వైపుకు చూస్తోందని అనుకుని కింద లెక్కలు చెబుతున్నాను. కొత్తగా వచ్చిన ఆ రెండు ముక్కల్లో కొండల వరుసను, చేను సాళ్లను పొడిగిస్తే సరిపోతుంది. నందిని ముట్టుకోవద్దు.

ఇక్కడే ఒక పరీక్ష చేసుకోండి. లేపాక్షి నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు అని లెక్క చెబుతారు. మీ బొమ్మలో నంది ఏడు గళ్ల పొడవుంటే ఎత్తు నాలుగు గళ్ల దగ్గరగా ఉండాలి. అలా లేకపోతే తేడా మీ చిన్న బొమ్మలోనే ఉందన్నమాట. దాన్ని పేపర్ మీదే దిద్దుకోండి. పేపర్ మీద రబ్బరుతో పోయే తప్పు గోడ మీద పూట పని తింటుంది.

గళ్లు అసలు బొమ్మ మీద గీయకండి. జిరాక్స్ తీయించి, దాని మీద గీయండి. ఫోన్‌తో ఏటవాలుగా తీసిన ఫొటోను ప్రింట్ చేయించి వాడొద్దు, అందులో ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా వస్తుంది. అడ్డ వరుసలకు పైనుంచి కిందికి అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని పేర్లు పెట్టండి, సరిగ్గా ఆరే కాబట్టి సరిపోతాయి. నిలువు వరుసలకు ఎడమ నుంచి 1 నుంచి 18 దాకా అంకెలు వేయండి. ఇవే పేర్లు గోడ మీద కూడా, బొమ్మ చోటు బయట రాయండి. పిల్లలు సాయం చేస్తామని వస్తే "ఇ-9 గడి నువ్వు చూడమ్మా" అని పంచి ఇవ్వొచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఒక వరుస దాటేసి పక్క వరుసలో గీసే పొరపాటు జరగదు.

ఇక గోడ మీద గళ్లు. ఇక్కడ నాకు బాగా దెబ్బ తగిలింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక బడి గోడకు నేను నేల నుంచి కొలిచి గీతలు వేశాను. ఆ నేల ఒక చివర నుంచి ఇంకో చివరకు నాలుగు అంగుళాలు దిగి ఉంది, కంటికి తెలియలేదు. బొమ్మంతా పూర్తయ్యాక రోడ్డు మీదికి వెళ్లి చూస్తే అందులోని చెరువు నీళ్లు ఒక పక్కకు ఒరిగిపోయాయి. సగం గోడ మళ్లీ తెల్లగా కొట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి నేలను, గోడ పై అంచును నమ్మను. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబ్ ఒకటి తెచ్చుకోండి. ఎడమ చివర 2 అడుగుల ఎత్తులో ఒక గుర్తు పెట్టి, ట్యూబ్‌లో నీళ్ల మట్టం చూసుకుని కుడి చివర రెండో గుర్తు పెట్టండి. ఆ రెండింటినీ కలిపే గీతే మీ బొమ్మకు నేల. నిలువు గీతకు దారానికి కట్టిన గుండు వేలాడదీస్తే చాలు, అది అబద్ధం చెప్పదు.

మూల సరిగ్గా ఉందో లేదో చూడటానికి పాత మేస్త్రీల లెక్క ఉంది. మూల నుంచి అడ్డంగా 4 అడుగుల దగ్గర, నిలువుగా 3 అడుగుల దగ్గర గుర్తులు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య టేపు సరిగ్గా 5 అడుగులు చూపాలి. తర్వాత 18 బై 6 చట్రం అంతా వేశాక మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ సమానంగా రావాలి, దాదాపు 19 అడుగులు ఉంటాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే చట్రం ఒరిగిందని అర్థం.

అడుగు స్కేలు పెట్టి ఒక్కో అడుగూ జరుపుకుంటూ కొలవకండి. ఒక్కోసారి అర పాతిక అంగుళం, అంటే ఎనిమిదో వంతు, తేడా వచ్చినా 18 సార్లకు రెండు అంగుళాలు దాటిపోతుంది. చివరి గడి సన్నబడిపోయి మీకు కారణం కూడా తెలియదు. టేపు ఒక్కసారి చివరి నుంచి చివరకు లాగి పట్టించి, కదపకుండా 1, 2, 3 అని 18 దాకా గుర్తులు పెట్టేయండి. పైన ఒకసారి, కింద ఒకసారి. ఇద్దరు చెరో చివర దారం పట్టుకుంటే మూడో మనిషి మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. దారానికి సుద్దపొడిలో చిటికెడు నీలిమందు కలిపి పూయండి, తెల్ల ప్రైమర్ మీద లేతగా కనపడుతుంది. నీలిమందు ఎక్కువ వేస్తే మాత్రం అది పసుపు రంగులో కలిసి మురికి పచ్చగా మారుస్తుంది. క్రేయాన్లు అసలు వద్దు, వాటిలో మైనం ఉంటుంది కాబట్టి నీళ్ల రంగు దాని మీద పట్టదు. ముదురు పెన్సిల్ గీతలు కూడా లేత ఆకాశం రంగు కింద నుంచి కనపడుతూనే ఉంటాయి. మీ దగ్గరున్న బొగ్గు మంచిదే, కానీ నెమ్మదిగా తేలిగ్గా గీయాలి. రంగు వేసే ముందు పొడి గుడ్డతో ఒకసారి తట్టాలి, లేకపోతే తెలుపు బూడిద రంగవుతుంది.

ఇప్పుడు గీత ఎక్కించడం. చాలామంది గడిలో "కన్ను", "కొమ్ము" అని చూస్తారు. కన్ను అనుకోగానే మనసులో ఉన్న కన్నునే చెయ్యి గీస్తుంది, పేపర్ మీది కన్నును కాదు. గడిలో ఏముందో మరిచిపోయి, గీత గడి అంచును ఎక్కడ తాకుతోంది అన్నది ఒక్కటే చూడండి. మీ కొలతలో ఒక సుఖం ఉంది. 3 సెంటీమీటర్లకు ఒక అడుగు అంటే ఒక సెంటీమీటర్‌కు 4 అంగుళాలు. ఇంకోలా చూస్తే పేపర్ మీద ఒక మిల్లీమీటర్ గోడ మీద దాదాపు ఒక సెంటీమీటర్. స్కేలు పెట్టి చదివితే చాలు, లెక్క వేయాల్సిన పనే లేదు.

ఒక గడి చేసి చూపిస్తాను. నంది మూపురం ఇ-9 గడిలో ఉందనుకుందాం. పేపర్ మీద వీపు గీత ఆ గడి ఎడమ అంచును పైనుంచి 2 సెంటీమీటర్ల కింద దాటుతోంది. గోడ మీద ఎడమ అంచులో పైనుంచి 8 అంగుళాల దగ్గర చుక్క పెట్టండి. అదే గీత కుడి అంచును పైనుంచి 1 సెంటీమీటర్ కింద దాటి వెళ్తోంది. గోడ మీద కుడి అంచులో 4 అంగుళాల దగ్గర చుక్క. మధ్యలో మూపురం అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోటు ఎడమ అంచు నుంచి 2 సెంటీమీటర్లు, పై అంచు నుంచి అర సెంటీమీటర్ ఉంది. గోడ మీద ఎడమ నుంచి 8 అంగుళాలు, పైనుంచి 2 అంగుళాలు, మూడో చుక్క. ఇప్పుడు పేపర్ చూస్తూ ఆ మూడు చుక్కల మీదుగా వంపు తీయండి. ఎడమ వైపు వాలు మెల్లగా ఎక్కుతుందా, కుడి వైపు దిడీమని దిగుతుందా అన్నది మీ కన్ను చూసుకుంటుంది. పక్కన ఇ-10 గడిలో గీత మొదలవ్వాల్సింది అదే 4 అంగుళాల చుక్క దగ్గర. అక్కడ కాకుండా ఇంకెక్కడైనా మొదలైతే రెండు గళ్లలో ఒకటి తప్పు.

అందుకే ఒక గడి పూర్తిగా గీసి ఇంకో గడికి వెళ్లే పద్ధతి నాకు నచ్చదు. నంది ఉన్న గళ్లన్నింటిలో ముందు అంచు చుక్కలే పెట్టేయండి. తర్వాత భుజం కదిలేలా ఒకే ఊపులో మెడ నుంచి వీపు మీదుగా తోక దాకా గీత లాగండి. గడి గడికీ ఆగి గీసిన వీపు ముడతలు పడ్డ దుప్పటిలా ఉంటుంది, దూరం నుంచి అతుకులు తెలుస్తాయి. ముఖం, మెడలో గంటల దండ ఉన్న గళ్లలో వివరాలు ఎక్కువ కాబట్టి ఆ గళ్లను మాత్రం నాలుగు చిన్న గళ్లుగా విడగొట్టండి, పేపర్ మీద ఒకటిన్నర సెంటీమీటర్, గోడ మీద ఆరు అంగుళాలు. ఆకాశం, చేను ఉన్న గళ్లకు అదేమీ అక్కర్లేదు. అన్నిచోట్లా చిన్న గళ్లు వేస్తే గీతల అడవిలో బొమ్మ కనపడదు.

ఇంకో చిన్న విషయం. మొద్దు పెన్సిల్‌తో గీసిన గీత అర మిల్లీమీటర్ మందం ఉంటే గోడ మీద అది అర సెంటీమీటర్. ఆ గీత లోపలి అంచు తీసుకుంటున్నారా, బయటి అంచా అన్నది మొదట్లోనే అనుకుని చివరి దాకా అదే పాటించండి. ఒకచోట లోపల, ఒకచోట బయట తీసుకుంటే కాళ్లు ఒకటి లావు, ఒకటి సన్నం అవుతాయి.

గీత అయ్యాక రోడ్డుకు అవతలికి, కనీసం 20 అడుగుల దూరం వెళ్లి చూడండి. ఫోన్‌తో ఎదురుగా నిలబడి ఫొటో తీసి, పేపర్ బొమ్మ ఫొటోను పక్కన పెట్టి, రెండింటినీ తలకిందులు చేసి పోల్చండి. తలకిందులుగా ఉన్నప్పుడు అది నంది అని మనసు మరిచిపోతుంది, వంకర ఉంటే టక్కున దొరుకుతుంది. నచ్చాక పసుపు ఆక్సైడ్ రంగును నీళ్లలో పల్చగా కలిపి సన్నటి బ్రష్‌తో బొమ్మ గీతల మీద మాత్రమే తిప్పండి. అది ఆరాక గళ్ల గీతలు పొడి గుడ్డతో తుడిచేయొచ్చు, బొమ్మ మాత్రం నిలుస్తుంది. ఈ పని చేయకుండా నేరుగా రంగు మొదలుపెడితే ఆకాశం వేసేసరికి సగం గీతలు చెరిగిపోతాయి.

గోడ సంగతి క్లుప్తంగా. కొత్త సిమెంట్ పూత అయితే కనీసం నాలుగు వారాలు తడిపి ఆరనివ్వాలి, లేకపోతే సిమెంట్‌లోని క్షారం రంగును కాల్చేస్తుంది. పాత గోడ అయితే అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లపొడి అంటితే అది పాత సున్నం, గీకి కడగాల్సిందే, దాని మీద వేసిన రంగు పొరలుగా లేచిపోతుంది. కింద తెల్లటి ఉప్పు పూసినట్టు ఉంటే అది చవుడు. మన వైపు బోరు నీళ్లతో కట్టిన గోడలకు ఇది మామూలే. చవుడును పొడి బ్రష్‌తో దులపాలి, నీళ్లు పోసి కడిగితే మళ్లీ గోడలోకే ఇంకుతుంది. మీరు కింద 2 అడుగులు వదిలిన ఆలోచన అందుకే మంచిది, వాన చిమ్మేది, పిల్లల కాళ్లు తగిలేది, చవుడు ఎక్కేది అంతా ఆ పట్టీలోనే.

ఇప్పుడు రంగులు. రంగు ఎంత కావాలన్నది మీ గళ్లే చెబుతాయి. మీది 18 బై 6, అంటే 108 గళ్లు. ఒక్కో గడి ఒక చదరపు అడుగు. పేపర్ మీద కూర్చుని ఏ రంగు ఎన్ని గళ్లు ఆక్రమించిందో లెక్కపెట్టండి. సగం నిండినవి రెండు కలిపి ఒకటి అనుకోండి. మీరు చెప్పిన బొమ్మకు నా అంచనా ఇలా వస్తుంది: ఆకాశం 38, కొండలు 10, నంది 20, పచ్చటి చేను 24, ఎర్రమట్టి 16. మొత్తం 108 సరిపోయింది. వీటికి తోడు కింద పట్టీ 18 బై 2, అంటే 36 చదరపు అడుగులు.

బయట గోడలకు వాడే ఎమల్షన్ నున్నటి గోడ మీద లీటరుకు రెండు కోట్లు 50 చదరపు అడుగులు దాటి వస్తుంది. బడి ప్రహరీలు గరుకుగా ఉంటాయి, బ్రష్‌తో వేస్తాం, కాబట్టి నేను 40 అనే లెక్కే వేసుకుంటాను. మీ గోడ ఎంత తాగుతుందో ముందే చూసుకోవచ్చు. ప్రైమర్ ఆరాక 50 మిల్లీలీటర్ల రంగు కొలిచి, పట్టీ చోట నాలుగు చదరపు అడుగులు గీసుకుని ఒక కోటు వేయండి. నాలుగూ నిండితే నా లెక్క మీకు సరిపోయినట్టే. మూడింటికే అయిపోతే అన్నింటినీ మూడో వంతు పెంచుకోండి.

ఆ లెక్కన ఆకాశానికి 38ని 40తో భాగిస్తే లీటరుకు కాస్త తక్కువ. బకెట్‌కు, బ్రష్‌కు అంటుకుని పోయేది, తర్వాత దిద్దడానికి ఉంచేది కలిపి ఐదో వంతు ఎక్కువ వేసుకుంటే లీటరూ 150 మిల్లీలీటర్లు. నందికి 600, కొండలకు 300 మిల్లీలీటర్లు. ఈ మూడూ తెలుపులోంచి వచ్చే లేత రంగులు కాబట్టి తెలుపు మొత్తం రెండు లీటర్ల పైచిలుకు. చేనుకు పచ్చ 720 మిల్లీలీటర్లు. ఎర్రమట్టి, కింద పట్టీ రెండింటికీ ఒకటే రంగు వాడండి. మన ఇళ్లకు అడుగున జాజు పట్టీ వేసినట్టు ఉంటుంది, బొమ్మలోని మట్టి కిందికి దిగి వచ్చినట్టు కూడా ఉంటుంది. 16, 36 కలిపి 52 గళ్లు, లీటరున్నర. అంటే మీరు కొనాల్సింది తెలుపు 3 లీటర్లు, ఎర్ర ఆక్సైడ్ రంగు 2 లీటర్లు, పచ్చ 1 లీటరు. తెలుపు 4 లీటర్ల డబ్బా ధర దగ్గరగా ఉంటే అదే తీసుకోండి. వీటికి తోడు తెలుపులో కలుపుకునే చిక్కటి రంగులు, అంటే స్టెయినర్లు, పసుపు ఆక్సైడ్, నీలం, నలుపు ఒక్కో చిన్న బాటిల్. గోడ మొత్తం 144 చదరపు అడుగులకు ప్రైమర్ 2 లీటర్లు. పది లీటర్ల డబ్బా మీకు అక్కర్లేదు.

ఎరుపు, పచ్చ మాత్రం షాపులో మెషిన్ మీద కలిపించండి, తెలుపులో స్టెయినర్ పోసి చేయకండి. ముదురు రంగు రావాలంటే స్టెయినర్ చాలా పోయాలి. హద్దు దాటితే రంగు సరిగా గట్టిపడదు, ఆరిన వారానికి కూడా తడి గుడ్డతో రుద్దితే చేతికి అంటుతుంది. ఎంత దాకా పోయొచ్చో బాటిల్ మీదే రాసి ఉంటుంది. లేత రంగులకు మాత్రం స్టెయినర్ హాయిగా సరిపోతుంది. ఎరుపు, పసుపుల్లో ఆక్సైడ్ రంగులే అడగడానికి కారణం మన ఎండ. ఆక్సైడ్ అంటే ఇనుము తుప్పు రంగే, ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేది కూడా అదే. ఎండకూ సున్నానికీ అది పెద్దగా మారదు. షాపులో కళ్లు జిగేల్‌మనే గులాబీ, నిమ్మపసుపు రంగులు పడమటి గోడ మీద చాలా త్వరగా వెలిసిపోతాయి. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలు 16వ శతాబ్దానివి. ఈసారి వెళ్లినప్పుడు తల పైకెత్తి రంగులు లెక్కపెట్టండి. మట్టి ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు, పచ్చ, ఇలా కొద్ది రంగులతోనే, ముదురు గీతతో చుట్టూ కట్టి అంత పని చేశారు.

డబ్బాలు తెరిచే ముందు ఒక పని మిగిలింది. జిరాక్స్ ఇంకోటి తీసి స్కెచ్‌పెన్లతోనో పిల్లల రంగులతోనో నింపి, ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఎర్రమట్టి, పచ్చటి చేను పక్కపక్కనే పెట్టినప్పుడు మన కంటికి ఎంత తేడాగా ఉన్నా, నలుపు తెలుపులో రెండూ ఒకటే బూడిద రంగుగా రావడం నేను చాలాసార్లు చూశాను. అలా వచ్చిందంటే బస్సులో వెళ్లే మనిషికి చేను, మట్టి కలిసిపోయి ముద్దలా కనపడతాయి. అప్పుడు పచ్చలో పసుపు, తెలుపు కలిపి లేత చేయండి, శెనక్కాయ ఆకు కూడా నిజానికి అంత ముదురు కాదు. నందికి, వెనక కొండకు కూడా ఇదే పరీక్ష. నంది బూడిద రంగు, కొండ బూడిద రంగు ఒకటే అయితే వీపు గీత మాయమవుతుంది. కొండలను ఆకాశం రంగులోనే కాస్త నీలం, చుక్క ఎరుపు వేసి లేతగా దూరంగా ఉంచండి, నంది దానంతటదే ముందుకు వస్తుంది.

నంది రాయి రంగుకు తెలుపులో నలుపు మాత్రమే కలిపితే సిమెంట్ బస్తా రంగు వస్తుంది. నలుపు చాలా కొద్దిగా, దానికి రెండింతలు పసుపు ఆక్సైడ్ వేయండి, ఎండ పడ్డ గ్రానైట్‌లా ఉంటుంది. ఆ 600 మిల్లీలీటర్లు మొత్తం ఒకేసారి కలిపి మూడు డబ్బాల్లో పోయండి. సగం అలాగే ఉంచండి, అది మధ్య రంగు. పావు వంతులో తెలుపు కలిపితే వెలుగు పడ్డ చోటుకు. మిగతా పావులో నీలం, ఎర్ర ఆక్సైడ్ సమంగా కొద్దికొద్దిగా కలిపితే నీడకు. మూడూ ఒకే తల్లి రంగు నుంచి పుట్టాయి కాబట్టి గోడ మీద గొడవ పడవు. ఎన్ని మూతలు ఏది పోశారో డబ్బా మీదే రాసుకోండి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం మాకే కష్టం, అందుకే ఆకాశం కూడా ఒకే బకెట్‌లో ఒకేసారి కలపాలి.

ఈ రంగులు తడిగా ఉన్నప్పటి కంటే ఆరాక కాస్త ముదురుతాయి. కలిపిన ప్రతి రంగునూ పట్టీ చోట అరచెయ్యంత పూసి, పూర్తిగా ఆరాక, ఎండలో చూసి ఖాయం చేసుకోండి. షాపు ట్యూబ్‌లైట్ కింద నచ్చిన పచ్చ మధ్యాహ్నం ఎండలో వేరే రంగులా ఉంటుంది.

వేసేటప్పుడు పైనుంచి కిందికి, దూరం నుంచి దగ్గరికి రండి. ఆకాశం, తర్వాత కొండలు, చేను, మట్టి, చివరగా నంది. ఆకాశం వేసేటప్పుడు కొండ గీత మీదికి ఒక వేలు మందం ఎక్కినా పర్లేదు, తర్వాత కొండ రంగు దాన్ని కప్పుతుంది. గీత దాకా వచ్చి జాగ్రత్తగా ఆగితేనే మధ్యలో తెల్ల సందులు మిగులుతాయి. ఎండాకాలం అయితే పొద్దున ఆరు నుంచి పది లోపు, మళ్లీ నాలుగున్నర తర్వాత. గోడ మీద అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టే దాకా ఉంచలేకపోతే ఆ పూట రంగు వేయొద్దు. వేడి గోడ మీద రంగు బ్రష్ కిందే ఆరిపోయి చారలు పడుతుంది, ముఖ్యంగా ఆకాశంలో. ఆకాశం మటుకు ఇద్దరు కలిసి, ఒకరు పైన ఒకరు కింద, తడి అంచు ఆరకముందే పక్కకు జరుగుతూ ఒకే విడతలో లాగించాలి.

చివరి ముదురు గీతకు ఉత్త నలుపు వద్దు. నలుపులో ఎర్ర ఆక్సైడ్ కలిపిన ముదురు గోధుమ రంగు వాడండి. కన్ను, ముక్కు, గంటలు, కాలి మడతల దగ్గర గీత లావుగా, వెలుగు పడే వీపు మీద సన్నగా ఉండాలి. ఈ గీత వేసేటప్పుడు ప్రతి పది నిమిషాలకు రోడ్డు అవతలికి వెళ్లి రండి, కాళ్లు నొప్పి పుట్టినా సరే.

మిగిలిన రంగులు ఒక్కోటి ఒక్కో గాజు సీసాలో నిండుగా, మూత బిగించి, పేరు, తేదీ రాసి బడి బీరువాలో నీడలో పెట్టండి. మొదటి వానాకాలం అయ్యాక పట్టీ దగ్గర ఎక్కడైనా పెచ్చు లేస్తే వాటితోనే దిద్దొచ్చు. గీతలు ఎక్కించాక, రంగు మొదలుపెట్టే ముందు ఎదురుగా నిలబడి తీసిన ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.